సూపర్‌పొజిషన్ అయినా మిశ్రమం అయినా సగం సగమే వస్తుంటే తేడా ఎక్కడ ఉన్నట్టు?

#1 తుంగభద్ర_గట్టు
ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది, కర్నూలు. మొన్న ఇంటర్నల్‌లో ఒక ప్రశ్న వచ్చింది. A అనే పెట్టెలోంచి వచ్చే ఫోటాన్లలో సగం అడ్డ ధ్రువణం, అంటే H, మిగతా సగం నిలువు ధ్రువణం, అంటే V. B అనే పెట్టెలోంచి వచ్చే ప్రతి ఫోటానూ (H + V)/√2 అనే స్థితిలో ఉంటుంది. రెండిటికీ డెన్సిటీ మ్యాట్రిక్స్ రాసి తేడా చెప్పమన్నారు.

```
A:  1/2   0        B:  1/2  1/2
     0   1/2           1/2  1/2
```

మ్యాట్రిక్స్‌లు కరెక్టే రాశాను. తేడా దగ్గర మాత్రం "రెండిట్లోనూ H వచ్చే అవకాశం సగం, V వచ్చే అవకాశం సగం, కాబట్టి కొలిచి చూస్తే తేడా తెలియదు" అని రాశా. పదికి మూడు. సార్‌ని అడిగితే "వికర్ణం బయట చూడమ్మా, తేడా అక్కడుంది" అన్నారు, అంతలో బెల్లు కొట్టారు. వికర్ణం బయట అంకెలున్నాయని నాకూ కనపడుతోంది, వాటికి అర్థమేంటో తెలియకే కదా అడిగింది. మిశ్రమంలో ఏది వస్తుందో మనకు తెలియదు, సూపర్‌పొజిషన్‌లోనూ కొలిచేదాకా తెలియదు. రెండు తెలియకపోవడాలకి మధ్య తేడా ఏంటి?

#2 ఉగ్గాని_బజ్జి
సింపుల్. మిశ్రమం అంటే రూపాయి బిళ్ళ ఎగరేసి చేత్తో మూసేశారు, బొమ్మో బొరుసో ఎప్పుడో తేలిపోయింది, నువ్వు చూడలేదంతే. సూపర్‌పొజిషన్ అంటే బిళ్ళ ఇంకా గాల్లో తిరుగుతోంది, బొమ్మా బొరుసూ ఒకేసారి. పదికి పది నాకేయండి.

#3 నాపరాయి_నాగన్న
సాంద్రత పట్టిక కావాలంటే కాంక్రీటుకు ఎం20 అయితే 1:1.5:3 వేస్తాం, సిమెంటు, ఇసుక, కంకర వరసలో. మిశ్రమం సగం సగం ఎప్పుడూ వేయకూడదు, స్లాబు పగులుతుంది. బేతంచర్ల రాయి సాంద్రత కావాలంటే వేరే చెప్తా.

#4 ఉగ్గాని_బజ్జి
నాగన్నా, ఇది వేరే డెన్సిటీ 😂

#5 అనంత_ఆప్టిక్స్
#2లో మొదటి సగం సరే, రెండో సగమే చాలామందిని చెడగొట్టేది. గాల్లో తిరిగే బిళ్ళ స్థితి కూడా మనకు తెలియనిదే. దాన్ని చూసి సూపర్‌పొజిషన్ నేర్చుకుంటే తుంగభద్ర రాసిన జవాబే వస్తుంది.

ఇల్లు కట్టేటప్పుడు మనవాళ్ళు ఈశాన్యం ఈశాన్యం అంటారు కదా, దాన్నే తీసుకోండి. నూరు మందిలో 50 మంది తూర్పుకు, 50 మంది ఉత్తరానికి నడిచారనుకోండి. ఇది పెట్టె A. నూరు మందీ ఈశాన్యానికి నడిస్తే అది పెట్టె B. ఈశాన్యాన్ని సమానమైన తూర్పు ముక్కగా, ఉత్తరం ముక్కగా విడగొట్టి రాయొచ్చు, కానీ ఆ నడిచేవాడికి ఎటు పోవాలో సందేహమేమీ లేదు. వాడు అటూ ఇటూ ఒకేసారి పోవడం లేదు, ఒక మూడో దిక్కుకి ఖాయంగా పోతున్నాడు.

ఫోటాన్లతో కూడా అంతే. (H + V)/√2 అంటే 45 డిగ్రీల వాలులో ధ్రువణం ఉన్న కాంతి. పోలరాయిడ్ షీటును అడ్డంగానో నిలువుగానో పెట్టి అడిగితే రెండు పెట్టెలూ సగం సగమే అంటాయి, నువ్వు రాసింది అంతవరకు నిజం. అదే షీటును 45 డిగ్రీలకు తిప్పు. B నుంచి వచ్చే ఫోటాన్లన్నీ దాటతాయి, ఒక్కటీ ఆగదు. A నుంచి సగమే దాటతాయి. ఇంకో 90 డిగ్రీలు తిప్పితే B నుంచి ఒక్కటీ రాదు, A నుంచి మళ్ళీ సగం.

నీ ప్రశ్నకు అసలు జవాబు ఇదీ. B విషయంలో తప్పకుండా "అవును" అని జవాబొచ్చే ప్రశ్న ఒకటుంది, షీటును 45లో పెట్టి అడగడం. A విషయంలో షీటును ఎంత తిప్పినా ఖాయమైన జవాబు రాదు. నువ్వు ఒక్క కోణంలో కొలిచి తేడా లేదన్నావు, మార్కులు పోయింది అక్కడే.

#6 తుంగభద్ర_గట్టు
మేడం ఈశాన్యం అర్థమైంది. కానీ A లోంచి వచ్చే ఒక్కో ఫోటాను H అయినా V అయినా 45 షీటును సగం సార్లు దాటుతుంది కదా. B లో కూడా H సగం ఉంది, V సగం ఉంది. రెండూ సగం సగం దాటితే మొత్తం సగమే రావాలి, పూర్తిగా ఎట్లా వచ్చింది?

#7 అనంత_ఆప్టిక్స్
తరగతిలో ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. తేడా అంతా ముందు కూడతామా, ముందు వర్గం చేస్తామా అనే దగ్గర ఉంది.

H ఫోటాను 45 షీటును దాటే ఆంప్లిట్యూడ్ 1/√2. V ది కూడా 1/√2. అవకాశం కావాలంటే వర్గం చేయాలి.

A లో ప్రతి ఫోటానూ ఏదో ఒకటే. కాబట్టి ముందు వర్గం, తర్వాత సగటు. H దాటే అవకాశం సగం, అది సగం సార్లు వస్తుంది, పావు. V తో ఇంకో పావు. మొత్తం సగం.

B లో ఒకే ఫోటానుకు రెండు ముక్కలున్నాయి. ముందు ఆంప్లిట్యూడ్లు కూడాలి. ఒక్కో ముక్క ముందు 1/√2 ఉంది, దాన్ని దాటే ఆంప్లిట్యూడ్ 1/√2 తో గుణిస్తే సగం. సగం, సగం కలిపితే ఒకటి. ఒకటిని వర్గం చేసినా ఒకటే.

ఎనిమిదో తరగతిలో (a + b)² కి a² + b² అని రాస్తే సార్ చెవి మెలిపెట్టేవాడు కదా, 2ab ఎక్కడ పోయిందిరా అని. ఆ 2ab యే డెన్సిటీ మ్యాట్రిక్స్‌లో వికర్ణం బయట కూర్చుంటుంది. అది రెండు కాబట్టి పైన ఒక గడి, కింద ఒక గడి. మిశ్రమంలో 2ab లేదు.

45 షీటుకు ఇంకా సులువు. మ్యాట్రిక్స్‌లో నాలుగు గళ్ళూ కూడి, సగం చెయ్యి. B కి నాలుగు సగాలు రెండు, అందులో సగం 1. A కి రెండు సగాలు ఒకటి, అందులో సగం 1/2. షీటు 135 లో ఉంటే వికర్ణం బయట గళ్ళను కూడే బదులు వికర్ణం మొత్తంలోంచి తీసేసి, సగం చెయ్యి. B కి సున్నా, A కి మళ్ళీ 1/2.

#8 తుంగభద్ర_గట్టు
2ab!! సార్ ఈ ఒక్క ముక్క చెప్పుంటే అయిపోయేది.

#9 ఉగ్గాని_బజ్జి
బెల్లు కొట్టారు కదమ్మా, ఆయన మాత్రం ఏం చేస్తాడు

#10 కడప_క్వాంటమ్
నేను ఆన్‌లైన్‌లో క్వాంటమ్ కంప్యూటింగ్ కోర్సు చేశాను. షార్ట్‌కట్ చెప్తా, పరీక్షకు ఇంతే చాలు. వికర్ణం బయట సున్నా కానిది ఏదైనా ఉంటే సూపర్‌పొజిషన్, అంతా సున్నాలైతే మిశ్రమం. మ్యాట్రిక్స్ చూడగానే చెప్పేయొచ్చు.

#11 అనంత_ఆప్టిక్స్
తమ్ముడూ, ఆ షార్ట్‌కట్‌తో రెండు చోట్ల దెబ్బ తింటావు.

ఒకటి, మొత్తం ఫోటాన్లన్నీ H అనుకో. మ్యాట్రిక్స్‌లో ఒక మూల 1, మిగతా మూడూ సున్నాలు. వికర్ణం బయట ఏమీ లేదు, అయినా అది మిశ్రమం కాదు, శుద్ధ స్థితే. అదే కాంతిని 45, 135 దిక్కుల పేర్లతో రాస్తే వికర్ణం బయట సగాలు వచ్చేస్తాయి. నడిచేవాడు మారలేదు, నువ్వు గీసుకున్న గీతలు మారాయి.

రెండు, ఫోటాన్లలో సగం H, మిగతా సగం 45 డిగ్రీలవి కలిపి పంపారనుకో. ఇది మిశ్రమమే. కానీ మ్యాట్రిక్స్ ఇట్లా ఉంటుంది:

```
3/4  1/4
1/4  1/4
```

వికర్ణం బయట పావు కూర్చుంది. నీ లెక్క ప్రకారం ఇది సూపర్‌పొజిషన్ అయిపోవాలి.

గీతలు ఎట్లా గీసినా మారని పరీక్ష కావాలంటే మ్యాట్రిక్స్‌ను దానితోనే గుణించి వికర్ణం మీద అంకెలు కూడాలి. 1 వస్తే శుద్ధం, తగ్గితే మిశ్రమం. ఈ రకం మ్యాట్రిక్స్‌కు నాలుగు గళ్ళ వర్గాలు కూడినా అదే వస్తుంది. ఇక్కడ 9/16, తర్వాత మూడు సార్లు 1/16, మొత్తం 12/16, అంటే 3/4. తుంగభద్ర A కి 1/2, B కి 1. ఫోటాను ధ్రువణానికి 1/2 కంటే కిందికి పోదు, అది అడుగు.

#12 కడప_క్వాంటమ్
ఓకే మేడం, ఒప్పుకుంటున్నా. కోర్సులో అట్లనే చెప్పారని గుర్తు. బహుశా నేనే సగం విన్నా.

#13 ప్యానెల్_బాషా
ప్రొద్దుటూరులో టీవీ రిపేరు షాపు నాది. మీరు మాట్లాడేది పోలరైజర్ ఫిల్మ్ గురించే కదా? ఎల్‌ఈడీ టీవీ ప్యానెల్ ముందొకటి వెనకొకటి అతికించి ఉంటుంది. ఎండకు ముందు ఫిల్మ్ చెడిపోతే పీకేసి కొత్తది వేస్తాం. ఫిల్మ్ పీకిన ప్యానెల్ ఆన్ చేస్తే ఉత్త తెల్లగా కనిపిస్తుంది, బొమ్మే ఉండదు. చేతిలో ఫిల్మ్ ముక్క పట్టుకుని చూస్తే బొమ్మ వచ్చేస్తుంది. కొత్తగా చేరిన పిల్లోళ్ళకు ఇది చూపించి భయపెడుతుంటాను.

కొనేటప్పుడు 0 డిగ్రీలదా, 90 దా, 45 దా అని అడుగుతారు. తప్పు కోణం వేస్తే బొమ్మ నెగెటివ్‌లా వస్తుంది. నా దగ్గర కత్తిరింపులు బోలెడున్నాయి, చెల్లెమ్మకు కావాలంటే బస్సులో పంపిస్తా.

#14 పాత_పాఠం
బాషా చెప్పింది పుస్తకాల కంటే బాగుంది. నేను కడపలో డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్ళు చెప్పి రిటైరయ్యాను, మా ల్యాబులో రెండే పోలరాయిడ్లు, వాటిలో ఒకటి బీరువాలో తాళం వేసి ఉండేది.

ఒక చిన్న మాట. మేడం "అన్నీ దాటతాయి" అన్నారు, అది లెక్కలోని షీటు. నిజం ఫిల్మ్ దాటాల్సిన దాంట్లోనూ కొంత మింగేస్తుంది. మామూలు బల్బు కాంతికి సగం రావాల్సిన చోట నలభై శాతం దరిదాపుల్లో వస్తే కంగారు పడొద్దు. కొలిచిన అంకెను చూడొద్దు, తిప్పుతుంటే అంకె మారుతోందా లేదా అన్నదే చూడండి.

#15 తుంగభద్ర_గట్టు
బాషా అన్నా నిజంగా పంపిస్తారా? కర్నూలు పాత బస్టాండుకి వేస్తే తెచ్చుకుంటా.

#16 ప్యానెల్_బాషా
మెసేజ్ పెట్టు. పాత 3డి అద్దాలు రెండు జతలు కూడా పడేస్తా, పిల్లోళ్ళు సినిమాకి పోయి తెచ్చినవి.

#17 నాపరాయి_నాగన్న
ఎవరికైనా రాయి సాంద్రత కావాలా మరి

#18 తుంగభద్ర_గట్టు
నాలుగు రోజుల తర్వాత. ఫిల్మ్ ముట్టింది, బాషా అన్నకు థాంక్స్. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి, ఫోన్‌లో లక్స్ చూపించే యాప్ వేసి, ఫోన్ ముందు కెమెరా పక్కనుండే సెన్సర్ మీద ఫిల్మ్ పెట్టి తిప్పుతూ పోయాను. అంకెలు ఇవీ.

ల్యాప్‌టాప్ తెల్ల స్క్రీన్: ఎక్కువలో ఎక్కువ 186, తక్కువలో తక్కువ 2.
ఎల్‌ఈడీ బల్బు: ఎంత తిప్పినా 91 కీ 95 కీ మధ్యలోనే.

అంటే ల్యాప్‌టాప్ పెట్టె B లాంటిది, బల్బు పెట్టె A లాంటిది. ఇంతవరకు సంతోషం. తర్వాత ల్యాప్‌టాప్ ముందు బాషా అన్న పంపిన 3డి అద్దం ఒకటి అడ్డం పెట్టి, కాళ్ళు నా వైపు కాకుండా స్క్రీన్ వైపు ఉండేలా తిప్పి, దాని తర్వాత ఫిల్మ్ తిప్పాను. 60 నుంచి 68. దాదాపు ఏమీ మారలేదు! అంటే 3డి అద్దం శుద్ధ స్థితిని మిశ్రమంగా మార్చేసిందా?

#19 కడప_క్వాంటమ్
అవును, దీన్నే డీకోహెరెన్స్ అంటారు. అద్దంలోని అణువులు ఫేజ్‌ని చెదరగొట్టేశాయి. 60, 68 తో వికర్ణం బయట దాదాపు సున్నా.

#20 పాత_పాఠం
తొందరపడకు నాయనా. మేడం రావాలి.

#21 అనంత_ఆప్టిక్స్
వచ్చాను. ముందు ల్యాప్‌టాప్ లెక్క పూర్తి చేద్దాం, బాగా కొలిచావు. 186 వచ్చిన కోణానికి 45 అని పేరు పెట్టు, పేరు మన ఇష్టమే. ఇప్పుడు ఎక్కువ తక్కువల తేడా 184, మొత్తం 188. భాగిస్తే 0.98. అందులో సగం, 0.49, వికర్ణం బయట కూర్చుంటుంది. వికర్ణం మీద సగాలు. వర్గాలన్నీ కూడితే 0.98. కచ్చితంగా 1 కాకపోవడానికి గోడల మీద నుంచి తిరిగొచ్చే కాంతి, ఫిల్మ్ లోపం కారణమై ఉండొచ్చు, కాబట్టి దాన్నంతా స్క్రీన్ ఖాతాలో వేయొద్దు.

బల్బుకు తేడా 4, మొత్తం 186. రెండు శాతం. యాప్ అంకెలు ఆ మాత్రం ఊగుతాయి కూడా.

ఇక 3డి అద్దం. డీకోహెరెన్స్ కాదు. సినిమా హాల్లో ఇచ్చే ఆ రకం అద్దంలో పోలరాయిడ్‌కు ముందు ఇంకో పొర ఉంటుంది, క్వార్టర్ వేవ్ ప్లేట్. అది ఫేజ్‌ని చెదరగొట్టదు, రెండు ముక్కల్లో ఒకదాన్ని కచ్చితంగా పావు వంతు తరంగం వెనక్కి నెడుతుంది. నువ్వు అద్దాన్ని తిరగేసి పెట్టావు కాబట్టి కాంతి ముందు పోలరాయిడ్‌లోంచి, తర్వాత ఆ పొరలోంచి వచ్చింది. బయటికొచ్చిన స్థితి (H + iV)/√2, వృత్తాకార ధ్రువణం. దాని మ్యాట్రిక్స్:

```
1/2  -i/2
i/2   1/2
```

45 షీటు సూత్రం వేసి చూడు. నాలుగు గళ్ళూ కూడితే +i/2, -i/2 కొట్టేసుకుపోతాయి. మిగిలేది 1, అందులో సగం 1/2. మిశ్రమానికి వచ్చిందే! వికర్ణం బయట గళ్ళు ఖాళీ కావు, అక్కడ పూర్తి సగం ఉంది, కానీ i తో ఉంది. ఎంత తిప్పినా ఉత్త పోలరాయిడ్‌కు ఆ i కనపడదు, అది వాస్తవ భాగాన్నే చూడగలదు. శుద్ధత లెక్కకు వర్గాలు కూడేటప్పుడు ఒక్కో గడి పరిమాణం తీసుకోవాలి, అప్పుడు నాలుగు పావులు, 1. శుద్ధ స్థితే.

#22 కడప_క్వాంటమ్
మళ్ళీ నేనేనా 🤦 మరి బల్బు కూడా వృత్తాకారం కాదని ఎట్లా చెప్తాం? రెండిటికీ ఫిల్మ్ తిప్పితే అంకె మారదు.

#23 అనంత_ఆప్టిక్స్
ఈసారి సరైన ప్రశ్న. తుంగభద్ర దగ్గర ఇంకో జత ఉంది. మొదటి జతను ఇప్పుడున్నట్టే తిరగేసి ఉంచి, దాని ఎడమ అద్దం వెనకాల రెండో జతను మామూలుగా కళ్ళకు పెట్టుకుని చూడు. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. తర్వాత మొదటి జత తీసేసి బల్బును అట్లాగే చూడు.

#24 తుంగభద్ర_గట్టు
ఎడమ కంటితో వెలుతురు, కుడి కంటితో చీకటి!! పూర్తి నలుపు కాదు, ముదురు నీలంగా ఉంది. తల పక్కకు వంచినా ఎడమ ఎడమే, కుడి కుడే. బల్బును చూస్తే రెండు కళ్ళకూ ఒకేలా ఉంది. మా అమ్మ గదిలోకొచ్చి, చీకట్లో రెండు 3డి అద్దాలు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు తల వంచుతున్నానని చూసి ఏమీ అనకుండా తలుపేసి వెళ్ళిపోయింది.

#25 ఉగ్గాని_బజ్జి
అమ్మ కొలవకుండానే స్థితి కూలిపోయింది

#26 అనంత_ఆప్టిక్స్
నీలం రావడం సహజమే. ఆ పొర అన్ని రంగులనూ కచ్చితంగా పావు వంతే నెట్టడం కుదరదు, రంగును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. నీ 60, 68 మధ్య తేడాకు కూడా అదొక కారణం కావచ్చు.

ఇప్పుడు లెక్క కుదిరింది. మొత్తం మ్యాట్రిక్స్ తెలియాలంటే మూడు రకాల ప్రశ్నలు కావాలి. అడ్డమా నిలువా, 45 ఆ 135 ఆ, ఎడమ వృత్తమా కుడి వృత్తమా. మూడిట్లోనూ సగం సగం వస్తేనే బల్బు. ఏదో ఒకదాంట్లో పూర్తిగా ఒకవైపు వస్తే శుద్ధం. కాంతిని ఇట్లా నాలుగు అంకెలతో, ఒకటి మొత్తం కాంతి, మిగతావి ఈ మూడు తేడాలు, స్టోక్స్ అనే ఆయన 1852 లోనే రాశాడు. ఫోటాను అన్న ఊహ లేని రోజుల్లో.

#27 ప్యానెల్_బాషా
కొన్ని హాళ్ళలో బ్యాటరీ వేసిన 3డి అద్దాలిస్తారు, టపటపా మూసుకుని తెరుచుకుంటుంటాయి. వాటితో ఇది చేస్తే రాదు, పొర వేరే. ఎవరైనా చేసేముందు చూసుకోండి, తర్వాత నన్ను తిట్టొద్దు.

#28 పాత_పాఠం
మేడంతో ఒక చోట నాకు పేచీ ఉంది. బల్బులోంచి వచ్చే ప్రతి ఫోటానుకూ ఏదో ఒక ధ్రువణం ఖాయంగా ఉంటుంది, మనకు తెలియదంతే. కాబట్టి మిశ్రమం అంటే ఉత్త తెలియనితనం. మేము పిల్లలకు ఎప్పుడూ ఇట్లాగే చెప్పాం.

#29 అనంత_ఆప్టిక్స్
సార్, పెట్టె A విషయంలో మీరన్నది నిజమే, అక్కడ ఎవరో H ను, V ను చేతులారా కలిపి పంపారు, వాళ్ళ దగ్గర చిట్టా ఉంటుంది. బల్బు విషయంలో అట్లా అనలేను.

సగం 45, సగం 135 కలిపినా తుంగభద్ర A మ్యాట్రిక్సే వస్తుంది, +1/2, -1/2 కొట్టేసుకుని. ఎడమ, కుడి వృత్తాలు సగం సగం కలిపినా అదే. మూడు పెట్టెలు మూడు రకాలుగా తయారయ్యాయి, కానీ చిట్టా ఇవ్వకుండా పెట్టెలు మాత్రమే ఇస్తే ఏ ప్రయోగమూ వాటిని విడదీయలేదు. అప్పుడు బల్బులోని ఫోటాను లోపల H ఉందా, 45 ఉందా, వృత్తమా అని అడగడానికి ఆధారమేది?

ఇంకో సంగతి. కొన్ని స్ఫటికాల్లోకి లేజర్ పంపితే జంట ఫోటాన్లు పుడతాయి, జంట మొత్తం (HH + VV)/√2 అనే శుద్ధ స్థితిలో ఉండేలా చేయొచ్చు. ఆ జంట గురించి తెలుసుకోవాల్సిందేమీ మిగల్లేదు. అందులో ఒక్క ఫోటానును మాత్రమే పట్టుకుని చూస్తే మాత్రం మళ్ళీ అదే A మ్యాట్రిక్స్. ఎవరి దగ్గరా చిట్టా లేదు. ఇది తెలియనితనం అందామా సార్?

#30 పాత_పాఠం
స్ఫటికం సరే. బల్బు స్ఫటికం కాదుగా.

#31 అనంత_ఆప్టిక్స్
బల్బులో ఫోటానును వదిలిన పదార్థం ఉంది. ఫోటాను దానితో జంటపడి ఉంటుంది, రెండో భాగాన్ని మనం పట్టుకోలేమంతే. 1927 లో ఈ మ్యాట్రిక్స్‌ను ఇద్దరు వేరువేరుగా తెచ్చారు, వాన్ నాయ్‌మన్, లాండౌ. వాన్ నాయ్‌మన్ గణాంకాల వైపు నుంచి వచ్చాడు, మీలాగ. లాండౌ పెద్ద వ్యవస్థలో ఒక ముక్కను మాత్రమే చూస్తే ఏమవుతుందన్న వైపు నుంచి వచ్చాడు. మీ పేచీ, నా పేచీ అప్పటి నుంచీ ఉన్నదే.

#32 పాత_పాఠం
అయితే వాన్ నాయ్‌మన్ పక్కన కూర్చోవడానికి నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం ఒప్పుకోలేదని రాసుకోండి.

#33 తుంగభద్ర_గట్టు
సార్, మేడం, ఇది నా ఇంటర్నల్‌లో వస్తే ఏది రాయాలి?

#34 ఉగ్గాని_బజ్జి
దిద్దే సార్ ఏ వైపో కనుక్కుని రాయి

#35 అనంత_ఆప్టిక్స్
పేచీ గురించి అడగరు. మ్యాట్రిక్స్ రాసి, 45 షీటు దగ్గర ఒకదానికి 1, ఇంకోదానికి 1/2 అని లెక్క చేసి చూపించు. ఒక కోణంలో తేడా రాదు, ఇంకో కోణంలో వస్తుంది అని ఒక్క వాక్యం. చాలు.

#36 తుంగభద్ర_గట్టు
ఈరోజు సార్‌కి ల్యాప్‌టాప్, అద్దాలు తీసుకెళ్ళి చూపించా. మూడు మార్కులు ఎనిమిదయ్యాయి. ఆ ఫిల్మ్ ముక్కలు ల్యాబుకు కావాలట, బాషా అన్న నంబరు అడిగారు.

#37 ప్యానెల్_బాషా
45 వి అయిపోయాయి, 0 వి ఉన్నాయి. తిప్పి కత్తిరించుకుంటే ఒకటే కదా, ఇప్పుడు నాకు కూడా తెలుసు.

#38 నాపరాయి_నాగన్న
మొత్తం చదివినా. 45 డిగ్రీల ముక్క నాకు కూడా ఒకటి పంపు బాషా, ఎండలో రాయి మెరుపు తగ్గుతుందేమో చూస్తా.